స్టార్-డెల్టా బ్లాక్ ఉన్న చిన్న పీఎల్‌సీ రివ్యూ: తాడిపత్రి రాళ్ల యూనిట్‌లో రెండు వారాలు

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ పీఎల్‌సీని, అంటే మోటార్లని ప్రోగ్రాంతో నడిపే ఈ కంట్రోలర్‌ని, అనంతపురంలో ఒక డీలర్ నాకు ఉచితంగా ఇచ్చారు. ఏం చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇన్‌పుట్లు ఎన్ని, అవుట్‌పుట్లు ఎన్ని అనేవి మీరు ఎక్కడో చూసే ఉంటారు. నేను ఒక్కదాని గురించే మాట్లాడతా. ఇందులో రెడీగా ఇచ్చిన స్టార్-డెల్టా బ్లాక్, అంటే మోటార్‌ని ముందు స్టార్‌లో తక్కువ కరెంటుతో లేపి, తర్వాత డెల్టాకి మార్చే ప్రోగ్రాం ముక్క.

తాడిపత్రి దగ్గర రాళ్లు కోసే యూనిట్‌లో 30 హెచ్‌పీ మోటార్‌కి దీన్ని పెట్టాం. ఫుల్ లోడ్‌లో 40 ఆంపియర్ల వరకు లాగుతుంది. స్టార్‌లో 8 సెకన్లు తిరిగి, బ్లేడు స్పీడు అందుకున్నాక డెల్టాకి మారాలి. అసలు కథంతా ఆ మారే క్షణంలోనే ఉంది.

కాంటాక్టర్ అంటే కాయిల్‌కి కరెంటు ఇస్తే పట్టుకునే పెద్ద స్విచ్. స్టార్ కాంటాక్టర్ వైండింగ్ మూడు చివరలనీ ఒకచోట కలుపుతుంది. డెల్టా కాంటాక్టర్ అవే చివరలకి మూడు ఫేజులూ తెస్తుంది. రెండూ ఒకేసారి పట్టుకుంటే మోటార్‌తో పని లేదు, ఫేజుకీ ఫేజుకీ నేరుగా షార్ట్. అందుకే స్టార్ వదిలాక, లోపల ఆర్క్ ఆరాక డెల్టా రావాలి.

నాలుగేళ్ల కింద ఒక పాలిషింగ్ యూనిట్‌లో పాత పీఎల్‌సీతో నాకు ఇదే జరిగింది. పది పదిహేను స్టార్టులు బాగుంటాయి, ఒకసారి సరిగ్గా మారేటప్పుడు ఫ్యూజు పోతుంది. కేబుల్ చూశాం, మోటార్ మెగ్గర్ చేశాం, అన్నీ బాగున్నాయి. స్టార్ కాంటాక్టర్ విప్పితే పాయింట్లు నల్లగా, గుంటలు పడి ఉన్నాయి. తప్పు టైమర్‌లో దొరికింది. అది 100 మిల్లీసెకన్ల మెట్టుతో లెక్కపెట్టే టైమర్, నేను విలువ 1 ఇచ్చాను. లెక్క మొదలైన క్షణాన్ని బట్టి స్టార్‌కీ డెల్టాకీ మధ్య గ్యాప్ ఒకసారి 90 మిల్లీసెకన్లు వచ్చేది, ఒకసారి 5 వచ్చేది. పైగా రెండూ ఒకేసారి పట్టుకోకుండా ఆపే ఇంటర్‌లాక్‌ని ప్రోగ్రాంలో మాత్రమే పెట్టాను, వైరింగ్‌లో లేదు. ఆ రెండూ కలిసి ఫ్యూజులు తిన్నాయి.

అందుకే ఈ పీఎల్‌సీలో టైమర్ మెట్టు 1 మిల్లీసెకను అని చూడగానే చానా సంతోషమైంది. గ్యాప్ 80 పెట్టాను. అట్లాగని అర సెకను, సెకను పెట్టొద్దు. లోడు మీద బ్లేడు నెమ్మదిస్తుంది, డెల్టా పడగానే కరెంటు మళ్లీ ఎగురుతుంది, స్టార్ పెట్టిన లాభమే పోతుంది.

ఇప్పుడు నాకు కోపం తెప్పించింది చెప్తా. పవర్ ఫ్యూజులు తీసేసి, కంట్రోల్ సప్లై మాత్రం ఉంచి, ప్లాస్టిక్ కర్రతో స్టార్ కాంటాక్టర్‌ని నొక్కి పట్టుకున్నా. పాయింట్లు అతుక్కుపోతే ఏమవుతుందో చూద్దామని. 8 సెకన్లు అయ్యాయి, గ్యాప్ అయ్యింది, డెల్టా అవుట్‌పుట్ లైటు వెలిగింది! కాంటాక్టర్ మాత్రం పట్టుకోలేదు. ఎందుకంటే డెల్టా కాయిల్ వైరు, స్టార్ పట్టుకుంటే తెరుచుకునే దాని ఎన్‌సీ కాంటాక్ట్ మీదుగా పోతుంది, ఆ వైరింగ్ నేనే చేశాను. ఆ రెడీ బ్లాక్‌కి ఫీడ్‌బ్యాక్ ఇచ్చే చోటే లేదు. తన అవుట్‌పుట్ ఆఫ్ చేశాను కాబట్టి స్టార్ వదిలేసిందనే అనుకుంటుంది.

నేను బ్లాక్ తీసేసి ఇది రాసుకున్నా:

```
T_STAR(IN := K1_MAIN, PT := T#8s);
T_GAP(IN := T_STAR.Q AND K3_OFF, PT := T#80ms);
K3_STAR  := K1_MAIN AND NOT T_STAR.Q AND K2_OFF;
K2_DELTA := T_GAP.Q AND K3_OFF;
```

`K3_OFF` అంటే స్టార్ కాంటాక్టర్ ఎన్‌సీ నుంచి వచ్చే ఇన్‌పుట్, `K2_OFF` డెల్టా కాంటాక్టర్ ఎన్‌సీ నుంచి వచ్చేది, `K1_MAIN` అంటే మెయిన్ కాంటాక్టర్. గ్యాప్ లెక్క స్టార్ నిజంగా వదిలాకే మొదలవుతుంది. ఆ వైరు తెగినా డెల్టా రాదు. ఎన్‌సీ కాంటాక్ట్ మిర్రర్ కాంటాక్ట్ అని కాంటాక్టర్ కేటలాగ్‌లో ఉండాలి, అప్పుడే మెయిన్ పాయింట్లు అతుక్కున్నా అది మూసుకోదు. వైరింగ్‌లోని ఇంటర్‌లాక్‌ని మాత్రం తీయకండి, అది అలాగే ఉండాలి.

ఇంకో లైను కూడా కలిపా. స్టార్ ఆఫ్ అయ్యాక 300 మిల్లీసెకన్లలోపు `K3_OFF` రాకపోతే మెయిన్ కూడా పడిపోవాలి. లేకపోతే మోటార్ స్టార్‌లోనే లోడు లాగుతూ కాలిపోతుంది. మళ్లీ అదే కర్రతో నొక్కి చూశా. ఈసారి డెల్టా లైటు వెలగలేదు, మెయిన్ ఠక్‌మని వదిలింది. పక్కన నిలబడ్డ ఆపరేటర్ అన్న "ఇది నిజంగా చూసుకుంటా ఉందప్పా" అన్నాడు.

నేను దీన్ని కొంటా. ఆ టైమర్ ఒక్కటి చాలు నాకు. కానీ ఆ రెడీ బ్లాక్‌ని ఏ మోటార్‌కీ వాడను, మీరూ వాడొద్దు. డీలర్‌కి ఇదే మాట చెప్పాను, ఫీడ్‌బ్యాక్ ఇన్‌పుట్ కలపమని కంపెనీకి రాస్తామన్నారు. కొత్త వెర్షన్ వస్తే అదే కర్ర పట్టుకుని మళ్లీ నొక్కి చూపిస్తా.