జనవరిలో టొరంటో: జాకెట్ కన్నా ముందు బనియను మార్చండి

"మా అమ్మానాన్నలు మొదటిసారి జనవరిలో టొరంటో వస్తున్నారు. విజయవాడలోనే ఒక మందపాటి జాకెట్ కొనిపిస్తే సరిపోతుందా?" ఒక ప్రేక్షకురాలు అడిగారు.

సరిపోదండీ. విజయవాడలో కొనవలసినవి ఒంటికి అంటుకుని ఉండే థర్మల్స్. జాకెట్ టొరంటోలో మీరే కొని ఉంచండి. ఎందుకో చెబుతాను.

నా మొదటి చలికాలంలో రెండు నూలు బనియన్లు, వాటిపై చొక్కా, దాని మీద పరుపంత జాకెట్ వేసుకుని బయలుదేరాను. బస్సు కోసం పరుగెత్తాను, అది కాస్తా వెళ్లిపోయింది. ఒళ్లంతా చెమట. తరువాతి బస్సు కోసం నిలబడిన పది నిమిషాల్లో వీపు మీద ఎవరో తడి తువ్వాలు పరిచినట్లు వణుకు మొదలైంది. జాకెట్‌లో ఏ లోపమూ లేదు. లోపలి నూలు చెమటను పీల్చుకుని ఆరకుండా కూర్చుంది. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. మే నెలలో మనల్ని కాపాడే నూలు గుణమే అక్కడ మన మీద తిరగబడుతుంది.

అందుకే దుకాణంలో పెట్టె మీద 'థర్మల్' అన్న మాట చూసి మురిసిపోకండి. లోపలి పట్టీ మీద ఏ దారంతో నేశారో చూడండి. ముందు కాటన్ అని ఉంటే పక్కన పెట్టేయండి. పాలియెస్టర్ చవక, త్వరగా ఆరుతుంది, కానీ రెండో రోజుకే వాసన వేస్తుంది. మెరీనో ఉన్ని ఖరీదైనది, కానీ కొంత చెమట పీల్చుకున్నా వెచ్చగానే ఉంటుంది, వాసన కూడా తొందరగా రాదు. ఒక్కొక్కరికి ఒక మెరీనో జత, ఒక పాలియెస్టర్ జత కొంటాను నేనైతే. గుడ్డ బరువు చదరపు మీటరుకు 200 గ్రాముల దరిదాపుల్లో ఉంటే చాలు. ఇంట్లో ఎలాగూ హీటర్ ఉంటుంది, మరీ మందమైతే ఉక్కపోస్తుంది. కొలత మాత్రం ఒంటిని తాకేలా ఉండాలి, నడుము దగ్గర వదులైతే గాలి దూరుతుంది.

అమ్మగారు చీరే కడతానంటే లంగా కింద థర్మల్ ప్యాంటు వేసుకోవచ్చు, బయటికి కనిపించదు. కాకపోతే రోడ్డు మీద కరిగిన మంచు, దాని మీద చల్లిన ఉప్పు కలిసి చీర అంచును పట్టుకుంటాయి. బయటికి వెళ్లే రోజుల్లో ప్యాంటు వేసుకోవడానికి ఒప్పించండి.

థర్మల్ మీద రెండో పొర ఫ్లీస్ అనే మెత్తటి సింథటిక్ స్వెట్టరు గానీ ఉన్ని స్వెట్టరు గానీ. బీరువాలో ఉన్న పాత ఉన్ని స్వెట్టరు చక్కగా పనికొస్తుంది. దానికి ఒకటే బలహీనత, గాలి దాని గుండా సూటిగా దూరిపోతుంది. ఆ గాలిని ఆపడమే పై జాకెట్ మొదటి పని.

ఇక జాకెట్. వెచ్చదనం ఇచ్చేది ఈకలు కావు, దారాలు కావు, వాటి మధ్య కదలకుండా నిలిచిన గాలి. కొత్తగా ఏకిన దూది పరుపుకూ, ఏళ్ల తరబడి పడుకుని అణిగిపోయిన పరుపుకూ తేడా మనకు తెలిసిందే కదా. బాతు, పెద్దబాతుల మెత్తటి నూగుతో నింపిన డౌన్ జాకెట్ తేలికగా ఉంటూ బాగా పొంగుతుంది, ఎముకలు కొరికే చలికి అదే మేలు. కానీ తడిస్తే నూగు ముద్దకట్టి చల్లబడుతుంది. టొరంటోలో ఒక రోజు సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోవచ్చు, ఇంకో రోజు సున్నా దగ్గర నిలిచి వానా మంచూ కలిసి కురవవచ్చు. కారు నుంచి దుకాణానికీ, దుకాణం నుంచి గుడికీ నడిచే పెద్దవాళ్లకు సింథటిక్ నింపిన, నీరు చొరని పైగుడ్డ గల, తొడల దాకా వచ్చే, టోపీ ఉన్న జాకెట్ నా ఎంపిక. తడిసినా అది డౌన్ కన్నా మెరుగు.

కొలత దగ్గరే చాలామంది తప్పుతారు. పలుచటి చొక్కా మీద సరిపోయిన జాకెట్, స్వెట్టరు మీద వేస్తే బిగుస్తుంది. బిగిస్తే లోపలి నింపు అణిగి గాలి బయటికి పోతుంది, అంటే డబ్బిచ్చి కొన్న వెచ్చదనం పోయినట్లే. ఇంట్లో స్వెట్టరు తొడిగించి, దాని మీద టేపుతో ఛాతీ, నడుము కొలిచి పంపమనండి. వేసుకున్నాక రెండు చేతులూ పైకెత్తితే భుజాలు పట్టేయకూడదు, మణికట్టు బయటపడకూడదు.

దుకాణంలోకి అడుగుపెట్టగానే జాకెట్ జిప్పు తీయించండి. నాకు పట్టిన చెమట వాళ్లకు పట్టకూడదు. విమానంలో థర్మల్స్ వద్దు, ఫ్లీస్ చేతిసంచిలో పెట్టుకోమనండి. విమానాశ్రయానికి వాళ్ల జాకెట్లు మీరే తీసుకెళ్లి, తలుపు దాటక ముందే తొడిగించండి.