ఎన్‌డీటీ సర్టిఫికెట్ వెనుక ఎవరున్నారు?

అందరికీ నమస్కారం. వెల్డింగ్ జాయింట్లను కోయకుండా, విరగ్గొట్టకుండా లోపాలు పట్టే ఎన్‌డీటీ పని నేర్చుకుని గల్ఫ్‌కు వెళ్లాలనుకునే వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకే ఈ రోజు ఒక్క సర్టిఫికెట్ తీసుకుని చూద్దాం.

ఊహకే అనుకోండి. ఒక అబ్బాయి చేతిలో అల్ట్రాసోనిక్ టెస్టింగ్ లెవెల్ 2 సర్టిఫికెట్ ఉంది. దాని మీద ‘ఐఎస్ఓ 9712 ప్రకారం’ అని, కింద ‘ఐఎస్ఓ 17024’ అని ఉన్నాయి. 9712 ఎన్‌డీటీ పనివాళ్ల అర్హతల ప్రమాణం. 17024 ఆ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఎలా నడవాలో చెప్పే ప్రమాణం. ఈ రెండో నంబర్‌ను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. ఐఎస్ఓ ప్రమాణాలు రాస్తుందే తప్ప ఎవరికీ అక్రిడిటేషన్, అంటే సర్టిఫికెట్లు ఇచ్చే అర్హత ఉందన్న గుర్తింపు, ఇవ్వదు. ‘మేం 17024 పాటిస్తాం’ అనడం వేరు, వేరొకరు వచ్చి తనిఖీ చేసి అక్రిడిటేషన్ ఇవ్వడం వేరు. ఆ పని మన దేశంలో ఎన్ఏబీసీబీ, బ్రిటన్‌లో యూకేఏఎస్, అమెరికాలో ఏఎన్ఏబీ లాంటివి చేస్తాయి. గోడకు తగిలించిన ఐఎస్ఓ 9001 పత్రం కూడా ఇక్కడ పనికిరాదు. అది ఆఫీసు నడిపే తీరుకు ఇచ్చింది, పరీక్ష పెట్టి మనుషులను ధృవీకరించే అర్హతకు కాదు.

కాబట్టి సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పంపిన లింకు మీద నొక్కకండి. అక్రిడిటేషన్ బోర్డు సైటుకు మీరే వెళ్లి డైరెక్టరీలో సంస్థ పేరు వెతకండి. మన అబ్బాయి విషయంలో పేరు దొరికింది, స్టేటస్ కూడా యాక్టివ్. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు చూడాల్సింది, అక్రిడిటేషన్ ఏయే పద్ధతులకు వర్తిస్తుందో చెప్పే స్కోప్ పత్రం. అది పక్కనే ఉంటుంది. తెరిచి చూస్తే మాగ్నెటిక్ పార్టికల్, పెనెట్రెంట్ టెస్టింగ్ మాత్రమే ఉన్నాయి, అల్ట్రాసోనిక్ లేదు. అంటే సంస్థ నకిలీ కాదు, కానీ ఈ సర్టిఫికెట్‌కు అక్రిడిటేషన్ అండ లేదు. అక్రిడిటేషన్ సంస్థ మొత్తానికి రాదు, స్కీమ్‌ను బట్టి వస్తుంది. తేదీలు కూడా పోల్చండి. సర్టిఫికెట్ ఇచ్చిన రోజుకు ఆ స్కోప్ అమల్లో ఉండాలి.

బోర్డు పేరే ఎప్పుడూ వినలేదనుకోండి, అప్పుడు బోర్డునే అనుమానించాలి. పెద్ద పేరు, లోగో పెట్టుకుని తమకు తామే ‘అంతర్జాతీయ బోర్డు’ అని చెప్పుకునే సైట్లు ఉన్నాయి. అక్రిడిటేషన్ బోర్డుల మధ్య అంతర్జాతీయ పరస్పర గుర్తింపు ఒప్పందం ఉంది. దాన్ని 2025 దాకా ఐఏఎఫ్ అనే సంస్థ నడిపింది, ఇప్పుడు గ్లోబల్ అక్రిడిటేషన్ కోఆపరేషన్ నడుపుతోంది. అందులో సంతకం చేసిన వాళ్ల జాబితాలో ఆ బోర్డు పేరుతో పాటు, మనుషుల ధృవీకరణ విభాగం కూడా ఉందో లేదో చూడండి.

ఇంకో గుర్తు చెబుతాను. ‘మా దగ్గర కోర్సు చేస్తేనే పరీక్ష, పాస్ గ్యారంటీ’ అన్నారా, నాకైతే అక్కడే అనుమానం. శిక్షణ, ధృవీకరణ ఒకే చోట ఉండటాన్ని నిష్పాక్షికతకు ముప్పుగానే 17024 చూస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కంపెనీ ఒప్పుకోవాలని లేదు. కొందరు క్లయింట్లు పీసీఎన్ లాంటి ఫలానా స్కీమే కావాలంటారు. అందుకే ఫీజు కట్టే ముందు, ఉద్యోగ ప్రకటనలో ఏ స్కీమ్, ఏ పద్ధతి, ఏ లెవెల్ అడిగారో చదివి, ఆ మూడింటినీ స్కోప్ పత్రంతో పోల్చుకోండి.