మూడు గోవిందల లెక్క
(తిరుపతిలో పిల్లలతో మాట్లాడిన మాటల పాఠం)

అలిపిరి నుంచి బస్సు ఘాట్ ఎక్కతా ఉంటే వెనక సీట్లో ఎవరో గోవిందా అంటారు, బస్సంతా గోవిందా అంటుంది కదా, అట్లా పోతా ఉండగా బుర్రలో పడింది ఈ లెక్క. గోవింద + గోవింద = తిరుపతి. ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె, వేరే అక్షరానికి వేరే అంకె, మొదటి అక్షరం సున్నా కాకూడదు. తిరుపతిలో మొదటిదీ చివరిదీ రెండూ తి కాబట్టి రెండు చోట్లా ఒకే అంకె.

పెన్ను తీసే పని కూడా పడలేదు. రెండు మూడంకెల సంఖ్యలు కూడితే రెండు వేలు దాటదు, కాబట్టి ముందున్న తి 1. కానీ ద + ద ఎప్పుడూ సరిసంఖ్యే, చివర 1 ఎట్లా వస్తుంది? అసలు జవాబే లేదు.

సరే అని ఇంకో గోవింద పెట్టినా.

```
  గోవింద
  గోవింద
+ గోవింద
--------
 తిరుపతి
```

మళ్ళీ తి 1 అనేసుకున్నా. మూడు ద లు కలిపితే చివర 1 రావాలంటే ద 7 ఒక్కటే, 21, చేతిలో 2. ఇప్పుడు పదుల స్థానం చూడండి, మజా అంతా ఇక్కడే ఉంది. మూడు విం లకి ఆ 2 కలిపితే చివర ప రావాలి. 1, 7 అయిపోయినాయి. విం 3 అంటే 11, ప 1 అవుతుంది, అది తి ది. 4 అంటే 14, ప కూడా 4, కుదరదు. 5 అంటే 17, ఆ 7 ద ది. 9 అంటే 29, మళ్ళీ 9. మిగిలినవి 0, 2, 6, 8 అంతే. వందల్లో మూడు గో లు, చేతిలోది కలిపి పది నుంచి పంతొమ్మిది లోపల రావాలి, కాబట్టి గో 3 నుంచి 6 దాకానే. 2, 6, 8 లతో ఏ గో పెట్టినా రు పోయి ఇంకో అక్షరం అంకె మీద కూర్చుంటుంది. సున్నాతో మాత్రం గో 6 నిలబడింది. 607 మూడుసార్లు, 1821. సరిపోయింది!

మురిసిపోయి స్టేటస్ పెట్టేసినా. పది నిమిషాల్లో మా మేనకోడలు మెసేజ్, "మామా, 684 పెడితే 2052 వస్తాందే?" చూస్తే కరెక్టే, దాని వెనకే 784 కి 2352 కూడా వచ్చింది. నేను చేసిన తప్పు ఏందంటే, రెండు వరసలుంటే చేతిలో 1 కి మించి రాదు, మూడు వరసలకి 2 దాకా వస్తుంది. 1924లో ఇంగ్లీషు పజిళ్ళాయన డ్యూడెనీ వేసిన ఇట్లాంటి అక్షరాల లెక్కే SEND + MORE = MONEY, దాంతో మొదలుపెట్టినోళ్ళందరికీ, నాతో సహా, ముందక్షరం 1 అని రాసేయడం చేతికి అలవాటైపోయుంటుంది. అది రెండు వరసల మాట.

అందుకే లెక్క కింద "తి బేసి సంఖ్య" అని ఒక్క ముక్క చేర్చినా, ఇప్పుడు 607 ఒక్కటే. నాలుగో గోవింద పెడితే ఏమవుతుందని ఇందాక ముందు బెంచీ అబ్బాయి అడిగినాడు. నాలుగుతో గుణిస్తే ఎప్పుడూ సరిసంఖ్యే, నాలుగు వేలకి లోపలే, కాబట్టి తి 2 తప్ప ఇంకోటి కాదు, ద 3 గానీ 8 గానీ. అక్కడి నుంచి నువ్వే చెయ్యి నాయనా, బోర్డు నీదే.