రాత్రి రెండింటికి వచ్చేది భయమా, బాధా?

హోస్ట్: మేడం, రికార్డింగ్ మొదలైంది. ముందు నా గోడే చెప్తాను. నిన్న రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. ఇంటి లోన్ ఈఎంఐతో మొదలుపెట్టి, పదేళ్ల కిందట మానేసిన ఉద్యోగం దగ్గర తేలాను. ఇక తెల్లారేదాకా నిద్ర లేదు.

సైకాలజిస్ట్: ఈఎంఐ గురించి మనసులో అనుకున్న మాట ఏంటో గుర్తుందా?

హోస్ట్: "వచ్చే నెల జీతం ఆలస్యమైతే ఎలా?" అని.

సైకాలజిస్ట్: మరి ఉద్యోగం దగ్గర?

హోస్ట్: "ఎందుకు మానేశాను? నాకేం బుద్ధి పుట్టింది?"

సైకాలజిస్ట్: చూశారా, మీకు తెలియకుండానే దారి మారిపోయింది. "ఇలా అయితే ఎలా?" అన్నది వర్రీ. అది ఇంకా జరగనిదాని చుట్టూ తిరుగుతుంది. "ఎందుకిలా జరిగింది, నేనెందుకిలా ఉన్నాను?" అన్నది రూమినేషన్. అది జరిగిపోయినదాన్నో, ఇప్పటి మన బాధనో పట్టుకుని వదలదు. మొదటిది ఎక్కువగా ఆందోళనకు దగ్గర, రెండోది డిప్రెషన్‌కు దగ్గర. చాలామందిలో రెండూ ఉంటాయి. తిరిగిందే తిరగడం మాత్రం రెండింటిలోనూ ఒకటే.

హోస్ట్: రూమినేషన్ అంటే ఆవు నెమరు వేయడమే కదా?

సైకాలజిస్ట్: ఆ మాట పుట్టింది అక్కడే. కానీ తెలుగులో నెమరువేసుకోవడం అంటే తీపి జ్ఞాపకాలే గుర్తొస్తాయి. చిన్ననాటి సెలవులు నెమరువేసుకున్నాం అంటాం. పైగా ఆవు నెమరు వేస్తే మేత అరుగుతుంది. ఇక్కడ ఏమీ అరగదు. నా దగ్గరకు వచ్చేవాళ్లు వాడే మాటలే సరిగ్గా సరిపోతాయి. "కుమిలిపోతున్నానండీ" అంటారు, "తవ్వుకుంటున్నా" అంటారు. వర్రీకి "ఆదుర్దా" అనో "టెన్షన్" అనో అంటారు.

హోస్ట్: ఈ తేడా తెలిస్తే ఒరిగేదేంటి? నిద్ర అయితే రెండింటికీ పోతుంది.

సైకాలజిస్ట్: మందు వేరు కాబట్టి అడుగుతున్నాను. ఒకావిడ సంగతి చెప్తాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. యాభై దాటారు, బ్యాంకులో ఆఫీసరు. కొడుకు అమెరికాలో ఎం.ఎస్. పూర్తిచేసి, చదువయ్యాక కొన్నాళ్లు పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి మీద ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఆ దశలో ఉద్యోగం లేని రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. ఈవిడ క్యాలెండర్ మీద రోజులు కొట్టేస్తూ ఉంటారు. మనకు రాత్రి రెండంటే అక్కడ మధ్యాహ్నం. కంపెనీల నుంచి మెయిల్ వచ్చే వేళ. లేచి ఫోన్ చూస్తారు.

హోస్ట్: మా అపార్ట్‌మెంట్‌లోనే ఇలాంటి అమ్మలు నలుగురున్నారు.

సైకాలజిస్ట్: అది ఆవిడ వర్రీ. దీనికి తోడు ఇంకోటుంది. వాళ్ల నాన్నగారు పోయి ఏడాది. ఆ రోజు ఉదయం ఆయన గుండెలో మంటగా ఉందన్నారు. గ్యాస్ అనుకుని ఈవిడ మాత్ర ఇచ్చి ఆఫీసుకు వెళ్లారు. పదకొండింటికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "ఎందుకు గమనించలేదు? నేనేం కూతుర్ని?" అనే మాట ఏడాదిగా తిరుగుతూనే ఉంది.

హోస్ట్: మొదట దేన్ని పట్టుకున్నారు?

సైకాలజిస్ట్: కొడుకు సంగతి. అది సులువు. అమెరికాలో టామ్ బోర్కొవెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1983లో ఒక పద్ధతి ప్రచురించారు. వర్రీని ఆపమనలేదు. రోజూ ఒకే టైముకి, ఒకే చోట, అరగంట కూర్చుని వర్రీ అవమన్నారు. మిగతా వేళల్లో వస్తే, గమనించి ఆ అరగంటకు వాయిదా వేయమన్నారు.

హోస్ట్: వర్రీకి అపాయింట్‌మెంట్ ఇవ్వడమా!

సైకాలజిస్ట్: అంతే. మంచం మీద వర్రీ, స్నానంలో వర్రీ, బస్సులో వర్రీ అయితే కొన్నాళ్లకు మంచం చూస్తేనే బుర్ర పని మొదలుపెడుతుంది. దాన్ని ఒక్క కుర్చీకి కట్టేయాలి. అందుకే ఆ కుర్చీ రోజూ టీవీ చూసేది కాకూడదు, మంచం అసలు కాకూడదు. టైము నిద్రకు కనీసం రెండు మూడు గంటల ముందు ఉండాలి. ఈవిడకు సాయంత్రం ఆరున్నర పెట్టుకున్నాం, డైనింగ్ టేబుల్ దగ్గర ఎవరూ కూర్చోని గోడవైపు కుర్చీ.

హోస్ట్: మధ్యాహ్నం కౌంటర్ దగ్గర ఉండగా వర్రీ వస్తే?

సైకాలజిస్ట్: చిన్న చీటీ మీద రెండు మాటలే రాయాలి. "90 రోజులు" అంతే. పేరాలు రాస్తే అక్కడే వర్రీ మొదలైపోతుంది. రాసి, ముందున్న పనికి రావాలి. పది నిమిషాల్లో మళ్లీ వస్తుంది. మళ్లీ వాయిదా. మొదటి వారం రోజుకు పాతికసార్లు వాయిదా వేసినా పద్ధతి పనిచేస్తున్నట్టే. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. "మళ్లీ వచ్చింది కాబట్టి నా వల్ల కాదు" అనుకుని మానేస్తారు. రాకుండా ఉండటం మన చేతిలో లేదు.

హోస్ట్: ఆలోచించకు అని గట్టిగా అనుకుంటే పోదా?

సైకాలజిస్ట్: 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నాడు. వచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఇక ఆలోచించుకోవచ్చు అన్నప్పుడైతే, ముందునుంచీ ఆలోచించమన్నవాళ్ల కంటే వీళ్లకే ఎక్కువ వచ్చింది. "వద్దు" అంటే బుర్ర కాపలా కాస్తుంది. "ఆరున్నరకి" అంటే కొంచెం నమ్ముతుంది. అయితే మీరు నిజంగా ఆరున్నరకు కూర్చోవాలి. రెండు రోజులు ఎగ్గొడితే చీటీకి విలువ పోతుంది.

హోస్ట్: సరే, కూర్చున్నారు. చీటీ ముందుంది. ఏం చేయాలి?

సైకాలజిస్ట్: సగం చీటీలు చదివేసరికి చప్పబడి ఉంటాయి. వాటిని కొట్టేయొచ్చు. వేడిగా ఉన్నది తీసుకుని చివరిదాకా వెళ్లాలి. వర్రీలో ఒక కిటుకు ఉంది. అది ఎక్కువగా మాటల్లో నడుస్తుంది, బొమ్మల్లో కాదు. భయపడే దృశ్యం దాకా పోకుండా "ఎలా, ఎలా" అనే మాట దగ్గరే ఆగిపోతుంది. అందుకే తేలదు. ఈవిడను "90 దాటితే?" అని అడిగాను. "వచ్చేస్తాడు." "వస్తే?" "లోన్." "లోన్ ఎంత?" "30 లక్షలు." "నెలకు ఎంత కట్టాలి?" జవాబు లేదు.

హోస్ట్: బ్యాంకు ఆఫీసరు అయ్యుండీ?

సైకాలజిస్ట్: అదే నాకూ ఆశ్చర్యం! రోజూ ఊరందరికీ ఈఎంఐలు లెక్కగట్టే మనిషి, తన లోన్ వైపు ఒక్కసారీ చూడలేదు. ఆ కుర్చీలో కూర్చుని లెక్క వేశారు. పదిన్నర శాతం, పదేళ్లు, నెలకు దాదాపు 40,500. బరువే. కానీ అది ఒక అంకె. ఇంట్లో ఎవరి జీతం నుంచి ఎంత తీయాలో మాట్లాడుకోవచ్చు. ఇక కొడుక్కి ఉద్యోగం వస్తుందా రాదా అన్నది ఆవిడ చేతిలో లేదు. దాని కింద "నాది కాదు" అని రాశారు. రోజూ అడగడం మానేసి, ఆదివారం ఒక్కసారే "ఈ వారం ఎలా ఉంది?" అని అడగాలనుకున్నారు. అరగంట అయ్యాక లేచి కూరగాయలు తరగాలి. లేవడానికి ఒక పని ముందే పెట్టుకోకపోతే అరగంట గంటన్నర అవుతుంది.

హోస్ట్: రాత్రి రెండింటి మెలకువ పోయిందా?

సైకాలజిస్ట్: మూడు వారాలకు తగ్గింది. ఫోన్ హాల్లో పెట్టి పడుకోవడం కూడా కలిసొచ్చింది. మెలకువ వచ్చినా "రేపు ఆరున్నరకి" అనుకుని పక్కకు తిరిగేవారు. కానీ ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. కొడుకు విషయంలో బాగా పనిచేసింది కదా అని, నాకు చెప్పకుండా నాన్నగారి సంగతి కూడా చీటీ మీద రాసుకుని ఆ కుర్చీకి తెచ్చారు. గంటన్నర ఏడ్చి లేచారట.

హోస్ట్: ఎందుకలా? అదే కుర్చీ, అదే అరగంట.

సైకాలజిస్ట్: వాయిదా వేయడం వరకు రెండింటికీ ఒకటే, అది పనికొస్తుంది. కూర్చున్నాక చేసేది వేరు. "లోన్ ఎంత?" అంటే జవాబుంది. "నేనేం కూతుర్ని?" అంటే జవాబు లేదు. ఎంత లోతుగా తవ్వితే అంత బాగా అర్థమవుతుందని మనకు అనిపిస్తుంది. సూసన్ నోలెన్-హోక్సెమా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ఒక పరిశోధన ఉంది. 1989 అక్టోబరులో కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపం వచ్చింది. అంతకు రెండు వారాల ముందే, వేరే పనికోసం, స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల్లో ఎవరికి బాధ వస్తే అందులోనే మునిగే అలవాటుందో కొలిచి ఉంచారు. భూకంపం తర్వాత మళ్లీ చూస్తే, ఆ అలవాటున్నవాళ్లలోనే డిప్రెషన్ లక్షణాలు ఎక్కువ కనిపించాయి, అంతకు ముందు ఎలా ఉన్నారో లెక్కలోకి తీసుకున్నా కూడా.

హోస్ట్: మరి ఆవిడకు ఏం చెప్పారు?

సైకాలజిస్ట్: "ఎందుకు"ను "ఎప్పుడు, ఎక్కడ, ఏం"గా మార్చాం. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీలోని సైకాలజిస్ట్ ఎడ్వర్డ్ వాట్కిన్స్ ఈ దారిలో చాలా పని చేశారు. ఒంటరిగా కాదు, నా ఎదురుగా, ఆ ఉదయాన్ని గంట గంటా చెప్పమన్నాను. ఏడుంపావుకి నాన్నగారు ఎక్కడ ఉన్నారు? వరండాలో పేపర్ చదువుతున్నారు. ఏమన్నారు? "రాత్రి బజ్జీలు తిన్నాను, మంటగా ఉందమ్మా." టిఫిన్ తిన్నారా? రెండు ఇడ్లీ తిన్నారు. చెమట, ఆయాసం ఉన్నాయా? లేవు. మీరు గేటు దాటేటప్పుడు? చెయ్యి ఊపారు. పదకొండింటికి తెలిసినదాన్ని ఏడుంపావుకే తెలిసినట్టు ఊహించుకుని ఏడాదిగా తనకు తాను శిక్ష వేసుకుంటున్నారు. ఆ రెండు వేళలనీ విడదీశాం.

హోస్ట్: దాంతో బాధ పోయిందా?

సైకాలజిస్ట్: నాన్న పోయిన బాధ ఎలా పోతుందండీ? ఏడ్చారు. కానీ ఆ రోజు ఆయన చెయ్యి ఊపిన సంగతి తలచుకుని ఏడ్చారు. అది దుఃఖం, దానికి మందు అక్కర్లేదు.

హోస్ట్: ఇంట్లో ఒక్కళ్లే ఉన్నప్పుడు తవ్వకం మొదలైతే?

సైకాలజిస్ట్: రెండు నిమిషాల పరీక్ష ఒకటుంది. రెండు నిమిషాలు ఆలోచించనివ్వండి. తర్వాత అడగండి. చేయాల్సిన పని ఏమైనా తట్టిందా? ఇదివరకు తెలియనిది ఏమైనా అర్థమైందా? మనసు కొంచెమైనా తేలికపడిందా? మూడింటికీ "లేదు" అంటే అది ఆలోచన కాదు, గానుగ. లేచి చేతులకు పని చెప్పాలి. పప్పు ఏరడం, మొక్కలకు నీళ్లు, ఎవరికైనా ఫోన్. కానీ ఫోన్ చేసి మళ్లీ అదే కథ గంటసేపు చెప్తే, అది ఇద్దరు కలిసి తిప్పే గానుగ అవుతుంది.

హోస్ట్: మా అక్కా నేనూ చేసేది అదే.

సైకాలజిస్ట్: (నవ్వు) ఇంకో మాట. చేతులు మళ్లీ మళ్లీ కడుక్కోవాలనిపించే ఓసీడీ ఆలోచనలకు ఈ కుర్చీ చిట్కా సొంతంగా వాడొద్దు. ఒళ్లంతా వణికించే పాత దుర్ఘటనల జ్ఞాపకాలకూ అంతే. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి పోయినా, చనిపోవాలనిపించినా ఆగకుండా డాక్టర్‌ను కలవాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

హోస్ట్: ఇంతకీ నా ఈఎంఐ సంగతి?

సైకాలజిస్ట్: ఈరోజు ఆరింటికి కూర్చుంటారా?

హోస్ట్: ఆరింటికి బాబు ట్యూషన్. తీసుకెళ్లాలి.

సైకాలజిస్ట్: అయితే ఏడు. కుర్చీ ఏది?

హోస్ట్: బాల్కనీలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఎప్పుడూ దాని మీద ఉతికిన బట్టలుంటాయి.

సైకాలజిస్ట్: ఏడుకి ఐదు నిమిషాల ముందు మడతపెట్టేయండి.