ఐదో నెల దాటాక యోగా: ఏది ఉంచుకోవాలి, ఏది మానేయాలి, ఎప్పుడు ఆపేయాలి

హాయ్ అండీ, నమస్తే. ఇవాళ ఒక అమ్మాయి రోజూ పొద్దున చేసే ప్రాక్టీస్‌ని తీసుకుని అందులో ఏం మార్చాలో చూద్దాం. పెళ్లికి ముందు నుంచే యోగా చేస్తోంది అనుకోండి, ఇప్పుడు 22వ వారం, అత్తగారేమో మంచం దిగొద్దంటున్నారు, ఫ్రెండేమో బటర్‌ఫ్లై గట్టిగా చేస్తే నార్మల్ డెలివరీ అయిపోతుందంటోంది. రెండూ కరెక్ట్ కాదు. ప్రెగ్నెన్సీ మామూలుగా సాగుతుంటే వ్యాయామం వల్ల అబార్షన్ అవ్వదు, అలాగే ఏ ఒక్క ఆసనమూ నార్మల్ డెలివరీకి గ్యారంటీ ఇవ్వదు.

చాప వేసే ముందు డాక్టర్ దగ్గర క్లియర్ చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మాయ కిందకి ఉందన్నారా, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేశారా, బీపీ పెరిగిందా, రక్తం బాగా తక్కువుందా, కవలలా, గుండె జబ్బు ఏమైనా ఉందా? వీటిలో ఏదున్నా ఈ వీడియో చూసి మొదలుపెట్టొద్దు, మీ డాక్టర్ చెప్పిందే ఫాలో అవ్వండి.

(స్క్రీన్ మీద: గోడ పక్కన చాప, కుర్చీ, రెండు దిండ్లు)

ఆమె మొదట చేసేది సూర్య నమస్కారాలు. పూర్తిగా మానక్కర్లేదు, కానీ పాదాలు ఎడంగా పెట్టి, వంగేటప్పుడు చేతులు నేలకి కాకుండా కుర్చీ మీద ఆనించి, కాళ్ళు వెనక్కి గెంతకుండా ఒక్కొక్కటే తీసుకెళ్ళాలి. అష్టాంగ నమస్కారం, భుజంగాసనం దగ్గర పొట్ట మీద బరువు పడుతుంది కాబట్టి వాటి బదులు మార్జాలాసనం, అంటే చేతులూ మోకాళ్ళ మీద ఉండి వీపుని మెల్లగా పైకీ కిందకీ కదపడం. నడుం నొప్పికి కూడా ఇది చాలామందికి హాయిగా ఉంటుంది.

బటర్‌ఫ్లై చేయొచ్చు, కాకపోతే మోకాళ్ళని చేత్తో కిందకి నొక్కకండి. ఈ టైంలో హార్మోన్ల వల్ల కీళ్ళ దగ్గర లిగమెంట్లు వదులవుతాయి, మామూలుకంటే ఎక్కువ సాగుతున్నట్టు అనిపిస్తుంది, అబ్బ బాగా వంగుతున్నానే అని ఇంకా సాగదీస్తే ముందువైపు కటి ఎముక దగ్గర నొప్పి మొదలవుతుంది, మెట్లెక్కుతున్నా మంచం మీద పక్కకి తిరుగుతున్నా పొడుస్తుంది. అందుకే ఇదివరకు సాగేదానికన్నా కొంచెం తక్కువలోనే ఆగండి.

నౌకాసనం, క్రంచెస్ ఆపేయండి. లేచేటప్పుడు పొట్ట మధ్యలో నిలువుగా గట్టులా ఉబ్బుతుంటే అక్కడ కండరాలు పక్కలకి జరుగుతున్నట్టు, అందుకే పడుకున్నాక నిటారుగా లేవకుండా పక్కకి తిరిగి చెయ్యి ఆనించి లేవాలి. శీర్షాసనం, సర్వాంగాసనం కూడా ఇప్పుడొద్దు, పడితే ప్రమాదం. వృక్షాసనం గోడ పట్టుకుని చేయొచ్చు.

ఇక శవాసనం. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఐదో నెల నుంచి వెల్లకిలా చాలాసేపు పడుకుంటే గర్భసంచి బరువు శరీరం కింది భాగం నుంచి గుండెకి రక్తం తీసుకెళ్ళే పెద్ద సిర మీద పడుతుంది, బీపీ తగ్గి తల తిరుగుతుంది, చెమటలు పడతాయి, వాంతి వచ్చేలా ఉంటుంది. అలా అయితే వెంటనే ఎడమ పక్కకి తిరగండి, సర్దుకుంటుంది. శవాసనం ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టుకుని చేస్తే చాలు.

ప్రాణాయామంలో కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం వద్దు. ఊపిరి ఆపకుండా అనులోమ విలోమ, భ్రామరి చేసుకోండి.

వీటితోపాటు నడక. రోజుకి 30 నిమిషాలు, వారానికి 5 రోజులు, అలవాటు లేనివాళ్ళు 10 నిమిషాలతో మొదలుపెట్టండి. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, మాట మధ్యలో ఆయాసం వస్తే స్పీడ్ తగ్గించాలి. మన మే నెల ఎండల్లో అయితే పొద్దున్నే వెళ్ళిపోండి, బాటిల్ దగ్గరుంచుకోండి, ఒళ్ళు వేడెక్కిపోయే హాట్ యోగా అస్సలొద్దు.

(స్క్రీన్ మీద ఎర్ర అక్షరాల్లో: వెంటనే ఆపండి)

రక్తం కనపడినా, ఉమ్మనీరు కారుతున్నట్టు అనిపించినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పని మొదలెట్టకముందే ఆయాసం వచ్చినా, తలనొప్పి విపరీతంగా ఉండి చూపు మసకబారినా ఆపేసి హాస్పిటల్‌కి ఫోన్ చేయండి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా, వేడిగా ఉంటే మసాజ్ చేయకండి, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. బేబీ కదలికలు తగ్గాయనిపించినా రేపటిదాకా ఆగొద్దు.

పొట్ట బిగుసుకోవడం గురించి చాలామంది అడుగుతారు. అప్పుడప్పుడూ బిగుసుకుని, నీళ్ళు తాగి పక్కకి తిరిగి పడుకుంటే వదిలేస్తే అది మామూలే, ఆ రోజుకి ప్రాక్టీస్ ఆపేస్తే చాలు. అలా కాకుండా నెలలు నిండకముందే ఒక వరసలో మళ్ళీ మళ్ళీ వస్తూ, నొప్పి కూడా ఉంటే హాస్పిటల్‌కి బయల్దేరండి, బండి లేకపోతే 108కి చేయండి, ఎన్నో వారమో, నొప్పి ఎంతసేపటికోసారి వస్తోందో, నీళ్ళు గానీ రక్తం గానీ పోతోందా లేదా అన్నది ఫోన్‌లోనే చెప్పేయండి.