ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌లో తేదీ తప్పు పడిందా? హెచ్ఆర్‌కు లెటర్ ఇలా రాయండి

[తెరపై: సర్టిఫికెట్. మొదటి తేదీ చుట్టూ ఎర్ర గీత]

ఈ ఇంటర్న్ చేరింది 2025 మే 6న, ముగించింది జులై 31న. సర్టిఫికెట్‌లో మాత్రం జూన్ 5 నుంచి జులై 31 వరకు అని పడింది. సరిగ్గా 30 రోజులు ఎగిరిపోయాయి. కనీసం 10 వారాలు ఉండాలనే కాలేజీ దీన్ని తీసుకోదు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, 06/05/2025 అని రోజు ముందు రాసిన తేదీని, నెల ముందు చదివే షీట్ జూన్ 5 అనుకుంటుంది. 31/07కి ఆ ఇబ్బంది లేదు, 31వ నెల ఉండదు కదా! అందుకే ఒక తేదీ తప్పి, ఇంకోటి సరిగ్గా వచ్చింది. మీ లెటర్‌లో నెల పేరు అక్షరాల్లోనే రాయండి, లేకపోతే మళ్లీ అదే తిరకాసు.

[తెరపై: లెటర్]

"విషయం: ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌లో ప్రారంభ తేదీ సవరణ – ఇంటర్న్ ఐడీ, సర్టిఫికెట్ నంబర్

హెచ్ఆర్ విభాగం వారికి,

నమస్కారం. నాకు ఇచ్చిన సర్టిఫికెట్‌లో ప్రారంభ తేదీ 2025 జూన్ 5 అని ఉంది. నేను చేరినది 2025 మే 6న. ముగింపు తేదీ, మిగతా వివరాలు సరిగ్గానే ఉన్నాయి. సర్టిఫికెట్ కాపీ, చేరిన రోజు మీరు పంపిన మెయిల్ జత చేస్తున్నాను. దయచేసి మీ రికార్డులో కూడా తేదీ సరిచేసి, సవరించిన సర్టిఫికెట్ ఇవ్వగలరు. కాలేజీలో సమర్పించడానికి ఈ నెల 20వ తేదీ గడువు."

[తెరపై: 'మీ రికార్డులో కూడా' అనే మాట కింద గీత]

ఈ మాట వదిలేయకండి. పీడీఎఫ్ ఒక్కటే సరిచేసి పంపితే, రేపు ఎవరైనా వెరిఫికేషన్‌కు ఫోన్ చేసినప్పుడు కంపెనీ పాత తేదీయే చెబుతుంది. అప్పుడు అనుమానం మీ మీదికే వస్తుంది. మీ అంతట మీరే పీడీఎఫ్ ఎడిట్ చేస్తే ఇంకా ప్రమాదం, దాన్ని ఫోర్జరీ అనే అంటారు.

రుజువు విషయంలో చాలామంది ఆఫర్ లెటర్ జత చేసి ఊరుకుంటారు. అందులో ఉండేది చేరమన్న తేదీ. మీరు రెండు రోజులు ఆలస్యంగా చేరి ఉంటే అది మీకే అడ్డం తిరుగుతుంది. జాయినింగ్ మెయిల్ గానీ, హాజరు వివరాలు గానీ పెట్టండి. మీ మేనేజర్‌ను సీసీలో ఉంచండి, హెచ్ఆర్ ఎలాగూ ఆయన్నో ఆమెనో అడగాల్సిందే.

[తెరపై: Shravani → Sravani]

పేరు తప్పయితే ఇదే లెటర్ సరిపోతుంది. పడిన స్పెల్లింగ్, ఉండాల్సిన స్పెల్లింగ్ రెండూ ఒక్కో అక్షరం చూసి టైప్ చేయండి. రుజువుగా కాలేజీ రికార్డులో పేరు ఎలా ఉందో అలాగే ఉన్న ఐడీ కార్డు పెట్టండి. ఇంటిపేరు ముందా వెనకా, ఇనీషియల్ చాలా, పూర్తిగా కావాలా అన్నదీ రాయండి. చేరేటప్పుడు ఫారంలో మీరే వేరేలా నింపి ఉంటే, ఆ మాట దాచకుండా చెప్పేయండి. వాళ్లు వెతికేది ఆ ఫారమే.

వారం దాటినా జవాబు రాకపోతే కొత్త మెయిల్ మొదలుపెట్టకండి, పాతదానికే రిప్లై ఇవ్వండి. జత చేసినవన్నీ అక్కడే ఉంటాయి.