ఇనర్షియా మ్యాచింగ్: గేర్ రేషియో ఎంత పెడితే టేబుల్ త్వరగా స్పీడ్ అందుకుంటుంది?

నమస్తే అండి. స్క్రీన్ మీద ఉన్నది కారం పొడి నింపే రోటరీ టేబుల్. మన గుంటూరు వైపు మిల్లుల్లో ఇలాంటివి చూసే ఉంటారు. ఎనిమిది డబ్బాలు, కింద గేర్‌బాక్స్, దాని కింద 750 వాట్ల సర్వో మోటార్. టేబుల్ 60 ఆర్‌పీఎం అందుకోవాలి, అదీ వీలైనంత త్వరగా.

ముందు లోడ్ ఇనర్షియా. ఎం.ఎస్. ప్లేటు, 400 ఎంఎం డయా, 12 ఎంఎం మందం. బరువు 11.8 కేజీలు. దీనికో షార్ట్‌కట్ ఉందండి: డయా స్క్వేర్ ఇంటూ మందం, రెండూ ఎంఎంలోనే, దాన్ని 0.00000617తో గుణిస్తే కేజీలు వచ్చేస్తాయి. ఇనర్షియా అంటే బరువులో సగం ఇంటూ రేడియస్ స్క్వేర్. రేడియస్ అండి, డయా కాదు. 0.24 వచ్చింది. డబ్బాలు అన్నీ కలిపి 2 కేజీలు, సెంటర్ నుంచి 170 ఎంఎం దూరం. అవి 0.06. మొత్తం 0.30 కేజీ మీటర్ స్క్వేర్. డబ్బాల బరువు ప్లేటులో ఆరో వంతే, కానీ అంచున కూర్చున్నాయి కాబట్టి ప్లేటు ఇనర్షియాకి దానిలో నాలుగో వంతు కలిపాయి. వాటిని వదిలేయకండి.

మోటార్ రోటర్ ఇనర్షియా కేటలాగ్‌లో 1.0 కేజీ సెంటీమీటర్ స్క్వేర్, అంటే 0.0001. రేటెడ్ టార్క్ 2.4 న్యూటన్ మీటర్లు, రేటెడ్ స్పీడ్ 3000. ఇవి ఈ సెల్స్‌లో వేసేశాను.

ఇప్పుడు అసలు స్టెప్. ఇక్కడ నిదానంగా చూడండి. గేర్‌బాక్స్ వెనక నుంచి మోటార్‌కి కనిపించే లోడ్ ఇనర్షియా, రేషియో స్క్వేర్‌తో తగ్గుతుంది. పది రేషియో పెడితే వందో వంతు. అది చూసి "అయితే రేషియో పెంచుకుంటూ పోదాం, టైమ్ తగ్గుతూనే ఉంటుంది" అనుకుంటారు. తగ్గదండి. ఎందుకంటే టేబుల్ అదే 60 తిరగాలంటే మోటార్ అన్ని రెట్లు ఎక్కువ తిరగాలి. రేషియో పెరిగేకొద్దీ టార్క్‌లో ఎక్కువ భాగం మోటార్ తన రోటర్‌ని తానే తిప్పుకోవడానికి పోతుంది. ఫార్ములాలో ఎన్ అంటే గేర్ రేషియో, అది రెండు చోట్ల ఉంది చూడండి, ఒకటి కింద స్క్వేర్‌గా, ఒకటి పైన మామూలుగా:

```
t = (Jm + JL/n^2) * n * wL / (Tm - Tf)
```

Jm రోటర్ ఇనర్షియా, JL లోడ్ ఇనర్షియా, Tm మోటార్ టార్క్. wL టేబుల్ స్పీడ్, సెకనుకి రేడియన్లలో వేయాలి, 60 ఆర్‌పీఎంకి 6.28. Tf ఫ్రిక్షన్, మోటార్ షాఫ్ట్ దగ్గర లెక్క. ప్రస్తుతానికి సున్నా పెడుతున్నా. ఎక్సెల్‌లో n తప్ప మిగతా సెల్స్‌ని F4 కొట్టి లాక్ చేయండి, కిందికి లాగండి. అంతే.

చూడండి. రేషియో 10కి 81 మిల్లీసెకన్లు. 20కి 45. 30కి 34. 50కి 29. 100 పెడితే మళ్ళీ 34కి పెరిగింది! పైగా 100కి మోటార్ 6000 తిరగాలి, ఈ మోటార్ తిరగదు. అట్టడుగు పాయింట్ ఎక్కడంటే, లోడ్ ఇనర్షియాని రోటర్ ఇనర్షియాతో భాగించి స్క్వేర్ రూట్ తీయండి. 55 దగ్గర వస్తుంది. అక్కడ మోటార్‌కి కనిపించే లోడ్, రోటర్ రెండూ సమానం. ఒకటికి ఒకటి మ్యాచింగ్ అనేది అదే.

మరి 50 పెడదామా? నేనైతే 30 పెడతాను. 50 దగ్గర మోటార్ సరిగ్గా 3000 మీద నడుస్తుంది, రేపు స్పీడ్ పెంచమంటే చోటు లేదు. 30 దగ్గర 1800. పోయింది 5 మిల్లీసెకన్లే. ఇనర్షియా రేషియో, అంటే మోటార్‌కి కనిపించే లోడ్ రోటర్‌కి ఎన్ని రెట్లో, అది 3.3, ట్యూనింగ్‌కి హాయిగా ఉంటుంది. అదే 10 పెట్టి ఉంటే 30 రెట్లు. అప్పుడు కప్లింగ్‌లో, గేర్‌బాక్స్‌లో ఉన్న కాస్త సాగుడు చాలు, టేబుల్ ఆగాల్సిన చోట దాటి వెనక్కొచ్చి ఊగుతుంది, డబ్బా అంచున పొడి ఒలుకుతుంది. గెయిన్ పెంచితే మోటార్ గుయ్‌మంటుంది. ట్రేస్‌లో పొజిషన్ ఎర్రర్ ఇలా అలలు అలలుగా కనిపిస్తే ముందు ఈ ఇనర్షియా రేషియోనే అనుమానించండి.

ఇప్పుడు ఫ్రిక్షన్ 0.3 వేస్తున్నా. 34 కాస్తా 39 అయింది. గేర్‌బాక్స్ అవుట్‌పుట్‌లో 55 న్యూటన్ మీటర్ల దాకా పడుతుంది, దాని యాక్సిలరేషన్ టార్క్ రేటింగ్ అంతకు పైన ఉండాలి. మోటార్ పీక్ టార్క్ వాడదలిస్తే ఇది ఇంకా పెరుగుతుంది, ముందు అది చెక్ చేసుకోండి.

బిగించాక ఆటో ట్యూనింగ్ నడపండి. డ్రైవ్ తనే ఇనర్షియా రేషియో కొలిచి చూపిస్తుంది, కొన్ని డ్రైవ్‌లలో శాతంలో, అంటే 330 లాగా. మన లెక్కకి దగ్గరగా రావాలి. 600 చూపిస్తే ఏదో బరువు లెక్కలో వదిలేశారు: గేర్‌బాక్స్ సొంత ఇనర్షియా, టేబుల్ కింది హబ్, డబ్బాలు పట్టే క్లాంపులు. హబ్, క్లాంపుల ఇనర్షియాని JL సెల్‌లో, గేర్‌బాక్స్‌ది కేటలాగ్‌లో మోటార్ వైపు లెక్కగా ఇస్తే Jm సెల్‌లో కలిపి, మళ్ళీ కిందికి లాగండి.